కూడితే ఒకటి వచ్చింది, మరి జవాబెందుకు తప్పింది?

ప్రశ్న: నేను ఒక జూనియర్ కళాశాలలో జువాలజీ అధ్యాపకురాలిగా కొత్తగా చేరాను. మా సీనియర్ సార్ రాసిన మెటీరియల్‌లో హార్డీ–వైన్‌బర్గ్ లెక్కల కింద ఒక సూచన ఉంది: "p, q కనుక్కున్నాక p², 2pq, q² విలువలు కూడండి. ఒకటి వస్తే జవాబు సరైనదే." నేనూ తరగతిలో అదే చెప్పాను. ఈ మధ్య స్లిప్ టెస్టులో నాలుగు మార్కులకు ఈ లెక్క ఇచ్చాం: "సమతాస్థితిలో ఉన్న ఒక జనాభాలో వెయ్యిమందిని పరీక్షిస్తే 160 మందికి పీటీసీ చేదు తెలియలేదు. ఈ లక్షణం అంతర్గతం. అల్లీల్ పౌనఃపున్యాలు కనుక్కోండి." బాగా చదివే ఒక అమ్మాయి q = 0.16, p = 0.84 అని రాసింది. కింద 0.7056 + 0.2688 + 0.0256 = 1 అని వేసి, "సరిచూడబడింది" అని గీత కూడా గీసింది. కీ ప్రకారం q = 0.4 కాబట్టి సున్నా వేశాను. "మీరు చెప్పినట్టే సరిచూశాను కదా మేడం, ఒకటే వచ్చింది కదా" అంది. నాకు నోట మాట రాలేదు. అదే టెస్టులో ఒక అబ్బాయి q = 0.4 సరిగ్గా తెచ్చి, జన్యురూపాలు 0.36, 0.24, 0.16 అని రాసి కూడకుండా వదిలేశాడు. ఇంకో అబ్బాయి p = 0.92, q = 0.4 అని రాసి, మొత్తం 1.74 రాగానే దాన్ని కొట్టేసి 1 అని దిద్దాడు. వీళ్లకు మార్కులు ఎలా వేయాలి? సార్ నాకు డిగ్రీలో పాఠం చెప్పిన గురువు. ఆయన రాసిన వాక్యం తప్పని ఆయనతో ఎలా అనాలి? అసలు అది తప్పేనా?
— ఒక అధ్యాపకురాలు

సమాధానం: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ సగం తేలినట్టే. ఆ వాక్యంలో మొదటి సగం మంచి సలహా. రెండో సగం, అంటే "ఒకటి వస్తే జవాబు సరైనదే" అన్నది తప్పు. ఒకటి రాకపోతే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. ఒకటి వచ్చిందంటే మాత్రం జవాబు సరైనదని కాదు. ఆ అమ్మాయి మిమ్మల్ని నిలదీసింది సరిగ్గా ఈ తేడా దగ్గరే.

ఎందుకో చూడడానికి బోర్డు మీద ఒక చిన్న పని చేయండి. సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక దశాంశం చెప్పమని వెనక బెంచీ పిల్లవాణ్ణి అడగండి. వాడు 0.37 అన్నాడనుకుందాం. దాన్నే q అని రాయండి. ఏ జనాభా గురించీ మనకేమీ తెలియదు, లెక్కే ఇవ్వలేదు. p = 0.63. ఇప్పుడు p² = 0.3969, 2pq = 0.4662, q² = 0.1369. కూడితే 1.0000. ఇంకెవరినైనా అడగండి, మళ్లీ ఒకటే వస్తుంది. పిల్లలు ఊపందుకున్నాక మీరే q = 1.3 అని రాయండి. అప్పుడు p = –0.3 అవుతుంది. పౌనఃపున్యం రుణసంఖ్య కావడమన్నదే అసంభవం. అయినా 0.09 – 0.78 + 1.69 లెక్క వేస్తే ఖచ్చితంగా ఒకటే. అసంభవమైన జవాబును కూడా నవ్వుతూ లోపలికి పంపించే కాపలా ఇది.

కారణం బీజగణితంలోనే ఉంది. p² + 2pq + q² అంటే (p + q)² తప్ప మరొకటి కాదు. p ని మీరు 1 – q అని తెచ్చుకున్న క్షణంలోనే p + q = 1 అయిపోయింది. ఒకటి వర్గం ఒకటే. ఆ తర్వాత మూడు గుణకారాలు చేసి కూడడమంటే ముందే పెట్టిన ఒకటిని మళ్లీ బయటికి తీయడమే. వంద నోటుతో బజారుకు వెళ్లినవాడు కూరలకు ఎంతయిందో మరిచిపోయి, నలభై అని ఊహించి రాసుకుని, మిగిలింది అరవై అని వంద నుంచి తీసివేసి రాస్తే, రెండూ కూడినప్పుడు వంద రాక ఏమవుతుంది? కూరల ధర మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ అమ్మాయి లెక్కలోనూ అంతే. ఆమె 0.16 తో మొదలుపెట్టింది. 0.84 ను అందులోంచే తీసింది. ఆపైన ప్రతి అంకే గుణకారం ప్రకారం నిక్కచ్చిగా ఉంది. తప్పు మొదటి అడుగులో ఉంది. చేదు తెలియని వాళ్ల వాటా 160/1000. అది మనుషుల వాటా, అంటే జన్యురూపం పౌనఃపున్యం, q². దాన్ని అల్లీల్ పౌనఃపున్యమని అనుకుంది. ఆ అడుగును కూడిక తాకనే తాకదు.

ఇక కూడిక ఏం పట్టుకుంటుందో మీ చేతిలోని మిగతా రెండు పేపర్లే చూపిస్తున్నాయి. 0.36, 0.24, 0.16 రాసిన అబ్బాయి కూడి ఉంటే 0.76 వచ్చేది. ఒకటికి తక్కువైంది 0.24, అంటే సరిగ్గా pq. లోటు pq కి సమానమైతే 2pq లో రెండు మరిచిపోయారని అర్థం. వేరే అనుమానం అక్కర్లేదు. విషమయుగ్మజాలు రెండు దారుల్లో వస్తాయి. తల్లి నుంచి A, తండ్రి నుంచి a రావచ్చు. లేదా తల్లి నుంచి a, తండ్రి నుంచి A రావచ్చు. ఆ రెండో దారిని అబ్బాయి వదిలేశాడు. ఇలాంటి పొరపాటుకు కూడిక మంచి మందు.

1.74 తెచ్చిన అబ్బాయి సంగతి వేరు. చేదు తెలిసినవాళ్లు 840 మంది కాబట్టి 0.84 కు వర్గమూలం తీసి p = 0.92 అన్నాడు. ఆ 840 మందిలో AA వాళ్లతోపాటు Aa వాళ్లూ ఉన్నారు. అందుకే అది p² కాదు, p² + 2pq. అతని పేపర్లో p, q రెండూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. అందుకే కూడిక నిజంగా పనిచేసి, గంట కొట్టింది. వినిపించిన గంటను అతను కొట్టేసి ఒకటి అని దిద్దాడు. నిజానికి మూడు గుణకారాల దాకా పోవాల్సిన పనే లేదు. 0.92 + 0.4 = 1.32 అన్న దగ్గరే ఆగిపోయి ఉంటే సరిపోయేది. నా దృష్టిలో మూడు పేపర్లలో గట్టిగా మాట్లాడవలసింది ఇతనితోనే. లెక్క రాకపోవడం ఒకటి, వచ్చిన హెచ్చరికను చెరిపేయడం ఇంకొకటి.

ఇక్కడే చిన్న జాగ్రత్త. కొందరికి 0.99 వస్తుంది, వాళ్లు బెంబేలెత్తి మొత్తం కొట్టేస్తారు. వెయ్యికి 144 మంది అనుకోండి. q సుమారు 0.38, p = 0.62. రెండు దశాంశాలకు కుదిస్తే 0.38, 0.47, 0.14 వస్తాయి, మొత్తం 0.99. ఇది కుదింపు వల్ల వచ్చిన వెలితి, తప్పు కాదు. మూడు అంకెలను రెండేసి దశాంశాలకు కుదించినప్పుడు మొత్తం మీద తేడా 0.015 దాటదు. అంతకు మించితేనే వెనక్కి వెళ్లి వెతకాలి.

మరి ఆ అమ్మాయి తప్పును ఏది పట్టుకునేది? తెచ్చిన జవాబును లెక్కలో ఇచ్చిన మనుషుల దగ్గరికి తిరిగి తీసుకెళ్లడం. q = 0.16 నిజమైతే aa వాళ్లు q², అంటే 0.0256. వెయ్యిమందిలో 25.6 మంది, అంటే ఇరవై ఆరుగురు. లెక్కలో ఉన్నది 160. జవాబు తప్పని ఇక్కడ ఒక్క చూపులో తేలిపోతుంది. q = 0.4 తో అదే చేస్తే 0.16 × 1000 = 160. ఇచ్చిన అంకె తిరిగి వచ్చింది. కూడిక జవాబును దానితో దాన్నే పోల్చింది. ఈ పద్ధతి జవాబును ప్రశ్నతో పోలుస్తుంది. వ్యవధి కూడా ఒక్క గుణకారమే.

అలాగని దీన్నీ కళ్లు మూసుకుని నమ్మించకండి. బహిర్గతానికీ అంతర్గతానికీ తారుమారు చేసిన పిల్ల ఒకరు ఉంటారు. 0.84 ను q² అనుకుంటే q = 0.917, p = 0.083. కూడితే ఒకటి. వెనక్కి గుణిస్తే 840 మంది. ఆ అంకె కూడా లెక్కలో నుంచి వచ్చిందే కాబట్టి సరిపోయిందని మురిసిపోతారు. అందుకని వెనక్కి గుణించినప్పుడు అంకెతో పాటు మనుషులెవరో కూడా రాయించాలి: "160 మంది, చేదు తెలియనివాళ్లు, aa." ఆ చివరి మాట రాసేటప్పుడే "చేదు తెలిసినవాళ్లు aa ఎలా అవుతారు" అని చెయ్యి ఆగుతుంది.

ఎంపిక ప్రశ్నల్లో ఈ సంగతి ఇంకా కీలకం. ఇలాంటి లెక్కకు 0.16, 0.4, 0.6, 0.84 అని నాలుగు ఎంపికలిస్తే, 0.16 ఎంచినవాళ్లకూ కూడిక ఒకటే చూపిస్తుంది. నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కూడా. మూడు గుణకారాలకు సమయం ఖర్చుపెట్టి, తప్పు జవాబు మీద నమ్మకం పెంచుకుని రావడం కంటే సరిచూడకుండా వదిలేయడమే నయం.

ఇంత చెప్పాక, మొత్తం ఒకటి కావడమన్నది ఎందుకూ పనికిరాని పరీక్ష అని మీరు తరగతిలో తీర్పు ఇచ్చేయకండి. పౌనఃపున్యాలు వేర్వేరు దారుల్లో వచ్చినప్పుడు అదే కూడిక ఒక శాస్త్ర వివాదాన్నే తేల్చింది. అందులో మన దేశపు సైనికుల రక్తానికీ వాటా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లుడ్విక్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ దంపతులు గ్రీసులోని సలోనికాలో రకరకాల దేశాల సైనికుల రక్తవర్గాలు లెక్కించి 1919లో ప్రచురించారు. అందులో వెయ్యిమంది భారతీయులున్నారు. ఓ వర్గం 31.3 శాతం, ఏ 19.0, బీ 41.2, ఏబీ 8.5. ఈ వర్గాలకు రెండు వేర్వేరు జన్యువులు కారణమని అప్పటి అభిప్రాయం. ఒక్క జన్యువే ఉంది, దానికి మూడు అల్లీళ్లున్నాయని 1924లో జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ వాదించాడు.

అది ఎలా తేలుతుందో మీరే వేసి చూడండి, పిల్లలకూ వేయించండి. ‘ఏ’ అల్లీల్‌ను p, బీని q, ఓని r అందాం. ఓ వర్గమంటే r², కాబట్టి 0.313 వర్గమూలం r, అంటే 0.5595. బీ, ఓ వర్గాలు రెండూ కలిపితే ‘ఏ’ అల్లీల్ లేనివాళ్లంతా వస్తారు. వాళ్లు (1 – p)². ఆ మొత్తం 0.725, వర్గమూలం 0.8515, కాబట్టి p = 0.1485. అలాగే ఏ, ఓ కలిపితే 0.503, వర్గమూలం 0.7092, q = 0.2908. మూడూ మూడు వేర్వేరు వర్గమూలాల నుంచి వచ్చాయి. ఏ ఒక్కదాన్నీ మిగతావాటిని ఒకటి నుంచి తీసేసి తెచ్చుకోలేదు. ఇప్పుడు కూడండి: 0.9988. ఒకటికి వెంట్రుకవాసి దూరం. పాత సిద్ధాంతమే నిజమైతే, ‘ఏ’ లక్షణం ఉన్నవాళ్ల వాటాను ‘బీ’ లక్షణం ఉన్నవాళ్ల వాటాతో గుణించగా ఏబీ వాటా రావాలి. 0.275 × 0.497 = 0.137. సైనికుల్లో కనిపించింది 0.085. బెర్న్‌స్టైన్ మాటే నిలిచింది.

కాబట్టి ప్రతిసారీ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. మనం పెట్టిందే అయితే అది సాక్ష్యం కాదు. మనం పెట్టకుండా దానంతట అది వస్తే సాక్ష్యమే. ఈ తేడాతో మీ తరగతిలో తప్పక ఎదురయ్యే ఇంకో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది: "ఒకటి వచ్చింది కాబట్టి ఈ జనాభా సమతాస్థితిలో ఉందని రాయవచ్చా మేడం?" రాయకూడదు. మూడు జన్యురూపాలూ కంటికి కనిపించే ఎంఎన్ రక్తవర్గం తీసుకుని ఒక ఊహా లెక్క వేద్దాం. వెయ్యిమందిలో ఎంఎం 300, ఎంఎన్ 400, ఎన్ఎన్ 300. వాటాలు 0.3 + 0.4 + 0.3 = 1. అల్లీళ్లను లెక్కపెడితే ఎం అల్లీళ్లు 600 + 400 = 1000, మొత్తం 2000 లో సగం. p = 0.5, q = 0.5. సూత్రం ప్రకారం ఉండాల్సింది 250, 500, 250. అవి కూడా కూడితే ఒకటే. రెండు కూడికలూ ఒకటే చూపించాయి, మనుషులు మాత్రం వందమంది ఎంఎన్ తక్కువగా ఉన్నారు. కై–వర్గ పరీక్ష చేస్తే 10 + 20 + 10 = 40 వస్తుంది. ఒక స్వేచ్ఛా పరిమాణానికి హద్దు 3.84. ఆ జనాభా సమతాస్థితికి దరిదాపుల్లో లేదు.

వర్గమూలాల దారిలో పోతే కూడికే ఆ మాట చెప్పేది. 0.3 వర్గమూలం 0.548, రెండో వైపూ 0.548. కూడితే 1.095. విషమయుగ్మజాలు ఉండాల్సినదానికంటే తక్కువైతే ఇలా ఒకటి దాటుతుంది. మన ఇళ్లలో ఇందుకు తెలిసిన కారణం మేనరికాలు. దగ్గరి సంబంధాలు చేసుకుంటే అల్లీల్ పౌనఃపున్యాలు మారవు. రెండు ఒకేరకం అల్లీళ్లు ఒకే మనిషిలో కలిసే అవకాశం పెరుగుతుంది, విషమయుగ్మజాలు తగ్గుతాయి. మేనత్త మేనమామ పిల్లల పెళ్లికి పుట్టిన బిడ్డలో ఆ అదనపు అవకాశం 1/16. అందరూ అలాగే చేసుకునే ఊరొకటి ఉందనుకుని, q = 0.4 తో లెక్క వేస్తే aa వాళ్లు 0.16 కాక 0.175 అవుతారు, Aa 0.45, AA 0.375. కూడండి, ఒకటే. సూత్రం చెల్లని చోట కూడా ఒకటే. మీ స్లిప్ టెస్టు లెక్కలో మూడు జన్యురూపాలు విడిగా ఇవ్వలేదు, చేదు తెలియనివాళ్లను మాత్రమే ఇచ్చారు. ఒక్క సమాచారం, ఒక్క తెలియని రాశి. అది q కనుక్కోవడానికే ఖర్చయిపోయింది. సమతాస్థితిని పరీక్షించడానికి మిగిలిందేమీ లేదు. అందుకే ప్రశ్నలో "సమతాస్థితిలో ఉన్న" అనే మాట ముందే పెట్టారు. అది పెట్టడం మంచి పని, అలాగే కొనసాగించండి.

ఇప్పుడు మార్కులు. మీ ముందు మూడు దారులున్నాయి. సున్నా అలాగే ఉంచవచ్చు. తుది జవాబు తప్పు, కీ మీ వైపే ఉంది, ఎవరూ తప్పుపట్టరు. కానీ మీరు నేర్పిన పరీక్ష నెగ్గిన జవాబుకు మీరే సున్నా వేసినట్టవుతుంది. ఆ అమ్మాయి ఇకపై సరిచూడడమే మానేస్తుంది. రెండోది, మెటీరియల్ ప్రకారమే చేసింది కాబట్టి నాలుగూ వేసేయడం. అప్పుడు ఆమె నోరు మూతపడుతుంది, తప్పు మాత్రం నిలిచిపోతుంది. q = 0.4 తెచ్చినవాళ్లు రేపు మీ దగ్గరికి వస్తారు. మూడోది, అడుగుకో మార్కు చొప్పున తరగతి మొత్తాన్ని మళ్లీ దిద్దడం. 0.16 ను q² గా గుర్తించినందుకు ఒకటి, వర్గమూలానికి ఒకటి, p కి ఒకటి, జన్యురూపాల గుణకారానికి ఒకటి. ఈ లెక్కన ఆ అమ్మాయికి రెండు వస్తాయి. రెండు మరిచిన అబ్బాయికి మూడు. 1.74 అబ్బాయికి మొదటి రెండు అడుగులకు రెండు, గుణకారానికి ఒకటి, మొత్తం మూడు. ఇందులో చాకిరీ ఎక్కువ, కొందరి మార్కులు అటూ ఇటూ అవుతాయి, ఒకరిద్దరు తల్లిదండ్రులు ఫోను చేస్తారు. అయినా నేనైతే ఈ దారికే మొగ్గుతాను. బోర్డు పరీక్షలో దిద్దేవాళ్లు అడుగులు చూస్తారు కాబట్టి పిల్లలకు అది అలవాటు కావడమూ మంచిదే. మళ్లీ దిద్దే ఓపిక లేకపోతే మార్కులు కదపకుండా అదే లెక్కను అంకెలు మార్చి ఇంకోసారి పెట్టి, రెంటిలో ఎక్కువ వచ్చినది తీసుకోండి. ఇందులో అన్యాయం తక్కువ, చాకిరీ కూడా తక్కువే.

సార్ విషయంలో మీ సంకోచం నాకు అర్థమవుతోంది. ఆయనతో ఏమీ అనకుండా మీ సెక్షన్ వరకు సరిదిద్దుకోవడం తేలిక. కానీ పిల్లలు సెక్షన్లు దాటి నోట్సులు మార్చుకుంటారు. "మా మేడం అలా కాదన్నారు" అన్న మాట ఆయన చెవిన ఇంకెవరి నోటనో పడుతుంది. మీరు నేరుగా చెప్పడం కంటే అది ఆయనకు ఎక్కువ నొప్పి. డిపార్ట్‌మెంట్ సమావేశంలో లేవనెత్తితే మార్పు కాగితం మీద నమోదవుతుంది. దానికి మూల్యంగా ఆయన నలుగురి ముందు తన వాక్యాన్ని వెనకేసుకు రావాల్సి వస్తుంది. వెనకేసుకొచ్చిన వాక్యాన్ని తర్వాత మార్చుకోవడం ఎవరికైనా కష్టమే.

మిగిలింది స్టాఫ్ రూంలో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లడం. తప్పు అనే మాటతో మొదలుపెట్టకండి. ఆ అమ్మాయి పేరు కనబడకుండా పేపరు మడిచి ఆయన ముందు పెట్టి, "సార్, ఈ జవాబుకు కూడిక ఒకటే వచ్చింది. పిల్లకు ఏం చెప్పాలో తోచలేదు" అనండి. అది నిజమే కాబట్టి నటించాల్సిన పని లేదు. లెక్క తెలిసిన మనిషికి 0.7056 దగ్గర ఒక్క నిమిషం చాలు. ఆయనే కలం తీసుకునే అవకాశం ఎక్కువ. తీసుకోకపోతే, "ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాం, ఎవరికీ ఇబ్బంది రాలేదు" అంటే, వాదించకండి. మెటీరియల్ ఆయనది, తరగతి మీది. మీ తరగతిలో వెనక్కి గుణించే పద్ధతిని అదనంగా చెబుతానని ఆయనతో ముందే అనేసి రండి. అప్పుడు ఎవరి చెవిన ఏ మాట పడ్డా అది ఆయనకు కొత్త కాదు.

ఆయన సరేనంటే, మార్చే వాక్యం సిద్ధంగా తీసుకెళ్లడం మంచిది. ఉన్నదాన్ని కొట్టేయనక్కర్లేదు, రెండో సగాన్ని మార్చి ఒక వాక్యం చేరిస్తే చాలు: "p, q కనుక్కున్నాక p², 2pq, q² కూడండి. ఒకటి రాకపోతే గుణకారంలోనో, p, q లలోనో పొరపాటు ఉంది. ఒకటి వచ్చినా ఆగకుండా, q² ను జనాభాతో గుణించి, లెక్కలో ఇచ్చిన అంతర్గత లక్షణం ఉన్నవాళ్ల సంఖ్య తిరిగి వస్తోందో లేదో చూడండి."

వచ్చే స్లిప్ టెస్టుకు ఒక ప్రశ్న కూడా ఇస్తున్నాను. "ఒక జనాభాలో 500 మందిలో 45 మందికి ఒక అంతర్గత లక్షణం ఉంది. జనాభా సమతాస్థితిలో ఉందనుకోండి. రవి q = 0.09 అన్నాడు, లత q = 0.3 అంది, సలీం q = 0.95 అన్నాడు. ముగ్గురికీ జన్యురూపాల మొత్తం ఒకటే వచ్చింది. ఎవరి జవాబు సరైనది? మిగతా ఇద్దరూ ఏ అంకెను దేనిగా పొరబడ్డారు?" రవి జవాబుతో వెనక్కి గుణిస్తే నలుగురు వస్తారు, లతకు 45 మంది, సలీంకు 450 పైచిలుకు. సలీం పొరపాటు కనిపెట్టడానికి పిల్లలకు కాస్త సమయం ఇవ్వండి. 500 లోంచి 45 తీసేస్తే మిగిలే 455 మందిని పట్టుకున్నాడని వాళ్లంతట వాళ్లే చెబుతారు.